హద్దుకూ అవధికీ మధ్య అర సెంటీమీటరు: ఫొటోలో వచ్చిన ఒక లెక్క

పదో తరగతి చదువుతున్న మా చెల్లెలి కూతురు ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక నాకు ఒక ఫొటో పంపింది. ఎదురెదురు పేజీలలో ఒకవైపు తెలుగు, మరొకవైపు ఇంగ్లీషు ఉండే గణిత అభ్యాస పుస్తకం అది. తెలుగు పేజీ పూర్తిగా వచ్చింది కానీ, ఇంగ్లీషు పేజీలో సగం పుస్తకం మడతలోకి వంగిపోయి, అక్షరాలు సన్నబడి చదవడానికి వీలు లేకుండా ఉంది. తెలుగు పేజీలోని పారిభాషిక పదాల మీద ఆ అమ్మాయి పెన్సిల్‌తో ఇంగ్లీషు మాటలు రాసుకుంది. మధ్యగతం మీద మీడియన్ అనీ, పౌనఃపున్యం మీద ఫ్రీక్వెన్సీ అనీ, ఇలా వరుసగా ఉన్నాయి. ఫొటో కింద, "పెద్దమ్మా, ఈ లెక్క నాకు జవాబుల పేజీతో కలవడం లేదు, ఒకసారి చేసి చూపిస్తావా?" అని రాసింది.

నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు జమాఖర్చుల ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి అంకెలు నాకు కొత్త కాదు. ఆ అమ్మాయి మొదటి నుంచీ ఇంగ్లీషు మాధ్యమం. నాకు తెలుగు పదం చూడగానే అర్థం స్ఫురిస్తుంది, ఇంగ్లీషు పదం చూస్తే ఒక్క క్షణం ఆలోచించాలి. తనకు సరిగ్గా దీనికి తలకిందులు. ఒకే లెక్కను మేమిద్దరం రెండు వైపుల నుంచి చదివాము. ఆ రాత్రి జరిగిన పొరపాట్లన్నీ ఆ చదవడంలోనే జరిగాయి కాబట్టి, ఆ క్రమాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

లెక్క ఇది. ఒక పొలంలో 50 కంది మొక్కల ఎత్తులను దగ్గరి సెంటీమీటరుకు సవరించి కొలిచారు. ఆ ఎత్తులను తరగతులుగా విభజించి పట్టికలో ఇచ్చారు. మధ్యగతం, అంటే ఎత్తులను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో నిలిచే విలువ కనుక్కోవాలి, తరువాత బాహుళకం, అంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే విలువ కూడా కనుక్కోవాలి. పట్టికలో తరగతులు 111–120, 121–130, 131–140, 141–150, 151–160, 161–170. వీటి కింద వరుసలో పౌనఃపున్యాలు, అంటే ఒక్కో తరగతిలో ఎన్ని మొక్కలున్నాయో చెప్పే అంకెలు ఉన్నాయి.

సూత్రం జోలికి వెళ్ళక ముందు పట్టికలోని అంకెలను ఒక కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. ఫొటోలో వచ్చిన లెక్కకు ఇది తప్పనిసరి అని నా ఉద్దేశం, ఎందుకంటే తెర మీద చూస్తూ లెక్క చేస్తే మన కన్ను తనకు కావలసిన అంకెనే చూస్తుంది. ట్యూబులైటు వెలుగులో తీయడం వల్ల ఫోను నీడ పట్టిక మధ్యలో పడింది. అది చాలదన్నట్టు సందేశంగా పంపినప్పుడు ఫొటో నాణ్యత తగ్గింది. మొదటి రెండు అంకెలు 4, 7 అని స్పష్టంగా ఉన్నాయి. చివరి రెండు 8, 4. మధ్యలోని రెండింటిలో మొదటిది 11 కావచ్చు, 17 కూడా కావచ్చు. రెండోది 16 లాగానూ ఉంది, 10 లాగానూ ఉంది.

ఇలాంటి చోట అందరూ చేసే పనే నేనూ చేశాను. మొత్తం 50 అని లెక్కలో మాటల్లో చెప్పారు కాబట్టి కూడి చూశాను. 4, 7, 11, 16, 8, 4 కలిపితే సరిగ్గా 50 వచ్చింది. అక్కడితో తృప్తిపడి ముందుకు సాగబోయి, మరొక జతను కూడా కూడి చూద్దామనిపించింది. 4, 7, 17, 10, 8, 4 కలిపినా 50 వచ్చింది. ఒక అంకెలో ఆరు పెరిగి, పక్క అంకెలో ఆరు తగ్గింది కాబట్టి మొత్తం మారలేదు. మొత్తం సరిపోవడం ఒక్క అంకె తప్పు చదివితే పట్టిస్తుంది. రెండు అంకెలు ఒకదానినొకటి పూడ్చుకునేలా తప్పు చదివితే అది ఏమీ చెప్పలేదు. ఉద్యోగంలో, డెబిట్, క్రెడిట్ నిల్వల మొత్తాలను సరిపోల్చే అంకణా సరిపోయినంత మాత్రాన ఖాతాలన్నీ సరైనవని కాదు అని నేర్చుకున్న మాట నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఈ తేడా చిన్నది కూడా కాదు. మొదటి జత ప్రకారం సంచిత పౌనఃపున్యాలు, అంటే వరుసగా కూడుతూ పోతే వచ్చే మొత్తాలు 4, 11, 22, 38, 46, 50. మొత్తంలో సగం 25 కనుక అది 141–150 తరగతిలో పడుతుంది. రెండో జత ప్రకారమైతే మూడో తరగతి దగ్గరే కూడిక 28 అయిపోతుంది, అందుచేత మధ్యగతం 131–140 తరగతిలోకి జారిపోతుంది. ఫొటోలో ఒక ఆరు సున్నాలాగా కనిపించడం వల్ల తరగతే మారిపోతుందన్న మాట. ఊహించడం మాని, ఆ పట్టికను మాత్రమే దగ్గరగా, పుస్తకాన్ని అరచేతితో అదిమి పట్టి, నిటారుగా పైనుంచి ఇంకో ఫొటో తీసి, డాక్యుమెంటుగా పంపమని రాశాను. డాక్యుమెంటుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గదు. రెండు నిమిషాల్లో వచ్చింది. 11, 16 అని స్పష్టంగా ఉంది.

ఇక సూత్రం. పుస్తకంలో ఇలా ఉంది:

```
M = l + ((n/2 - cf) / f) × h
```

దీని కింద ఒక్కొక్క అక్షరానికీ తెలుగులో వివరణ ఇచ్చారు. ఆ వివరణ ఎంత అవసరమో ఫొటో చూస్తే తెలిసింది. వాలుగా అచ్చయిన l మసక ఫొటోలో అచ్చం ఒకటి అంకెలాగే ఉంది. "నేను మొదటిరోజు దాన్ని ఒకటి అనుకుని కలిపాను పెద్దమ్మా, రెండున్నర సెంటీమీటర్లకు కాస్త పైన వచ్చింది, మా స్నేహితురాలు చెప్తే తెలిసింది" అని ఆ అమ్మాయి తరువాత ఫోనులో చెప్పింది. అతి చిన్న మొక్క కూడా 110 సెంటీమీటర్లకు పైనే ఉన్నప్పుడు మధ్యగతం అంత తక్కువ రావడం అసాధ్యం కాబట్టి ఆ తప్పు తనంతట తానే బయటపడింది. బయటపడని తప్పులు వేరే ఉన్నాయి.

నేను తెలుగు వివరణను చదువుకుంటూ చేశాను. l అంటే మధ్యగత తరగతి దిగువ హద్దు, కనుక 140.5. n అంటే రాశుల సంఖ్య 50. cf అంటే మధ్యగత తరగతికి ముందున్న తరగతి సంచిత పౌనఃపున్యం, 22. f అంటే మధ్యగత తరగతి పౌనఃపున్యం, 16. h అంటే తరగతి పొడవు, 10. సగం 25లో నుంచి 22 తీసివేస్తే 3. మూడును పదహారుతో భాగించి పదితో గుణిస్తే 1.875. దాన్ని 140.5కు కలిపితే 142.375 సెంటీమీటర్లు. నేను ఇది రాసి పంపిన వెంటనే ఆ అమ్మాయి ఫోను చేసింది.

"జవాబుల పేజీలో 142.4 ఉంది. నాకు 142.69 వచ్చింది. దగ్గరగానే ఉంది కదా, సవరించడంలో తేడా అయి ఉంటుందా?"

సవరింపులో అంత తేడా రాదు. 142.375ను ఒక దశాంశ స్థానానికి సవరిస్తే 142.4 అవుతుంది, అది సరిపోయింది. 142.69ను సవరిస్తే 142.7 అవుతుంది. తను చేసిన కాగితాన్ని కూడా ఫొటో తీసి పంపమన్నాను. అందులో ఇలా ఉంది:

```
M = 141 + ((25 - 22) / 16) × 9
  = 141 + 1.6875
  = 142.6875
```

గుణకారం, భాగహారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 140.5కు బదులు 141, 10కి బదులు 9 తీసుకుంది, అంతే. మొదటి తప్పు జవాబును అర సెంటీమీటరు పెంచింది. రెండో తప్పు దాన్ని 0.1875 తగ్గించింది. రెండూ కలిసి తేడాను 0.3125కు కుదించాయి. ఒక తప్పు ఇంకో తప్పును కొంత కప్పిపుచ్చినందువల్లనే జవాబు "దగ్గరగా" కనిపించింది. కూడికలో 11, 16 విషయంలో చూసిన పద్ధతే ఇక్కడ మళ్ళీ ఎదురైంది.

ఎందుకిలా తీసుకున్నావని అడిగితే, "పుస్తకంలోనే అలా ఉంది కదా పెద్దమ్మా, లోయర్ లిమిట్ అంటే 141 కదా" అంది. అప్పుడు మొదటి ఫొటోను పెద్దదిగా చేసి మళ్ళీ చూశాను. "దిగువ హద్దు" అన్న మాట మీద తను పెన్సిల్‌తో లోయర్ లిమిట్ అని రాసుకుంది. తప్పు అక్కడ ఉంది. మన తెలుగు గణితంలో ఈ రెండు మాటలూ వేరు. తరగతికి రెండు చివరల అచ్చులో కనిపించే అంకెలు అవధులు. వాటినే ఇంగ్లీషులో లిమిట్లు అంటారు. ఒక తరగతి ముగిసి తరువాతి తరగతి మొదలయ్యే చోటు హద్దు. దాన్ని బౌండరీ అంటారు. ఇంటర్మీడియట్‌లోకి వెళ్ళాక వచ్చే "అవధులు" పాఠం పేరులో కూడా ఇంగ్లీషులో లిమిట్ అన్న మాటే ఉంటుంది, అక్కడ భావం వేరే అయినా. ఇంటి మాటల్లో మనం హద్దు, అవధి రెండింటినీ ఒకే అర్థంలో వాడుకుంటాము. హద్దు మీరాడు అన్నా, అవధి లేని ఆనందం అన్నా పెద్ద తేడా పాటించము. అందువల్ల తెలుగు తెలిసినంత మాత్రాన ఈ తేడా తెలియదు. ఒకదాన్ని ఇంకోదానితో జత చేసి రాసుకుంటే ఆ తప్పు ఏళ్ళ తరబడి అలాగే నిలిచిపోతుంది.

నిర్వచనం వల్లించి వదిలేస్తే సరిపోదని నాకు అనిపించింది. "140.3 సెంటీమీటర్లు ఉన్న మొక్కను ఏ తరగతిలో వేశారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, దగ్గరి సెంటీమీటరుకు సవరించారు కాబట్టి 140 అని రాసి ఉంటారు, అంటే 131–140లో వేశారు, అంది. 140.7 ఉన్న మొక్కనో? అది 141 అవుతుంది, తరువాతి తరగతిలోకి వెళ్తుంది. మరి ఆ రెండు తరగతులూ నిజంగా కలిసే చోటు ఏది? "నూటనలభైన్నర" అని తనే చెప్పింది. పట్టికలో 140కి, 141కి మధ్య కనిపించే ఖాళీ మొక్కలలో లేదు, రాసిన పద్ధతిలో ఉంది. ఆ ఖాళీని చెరి సగం పంచితే ప్రతి తరగతి దిగువ హద్దు దిగువ అవధి కన్నా అర తక్కువ, ఎగువ హద్దు ఎగువ అవధి కన్నా అర ఎక్కువ అవుతుంది. మన తరగతి నిజానికి 140.5 నుంచి 150.5 వరకు ఉంది. పొడవు 10 ఎందుకో దీనితోనే తేలిపోయింది. 150లో నుంచి 141 తీసివేస్తే 9 వస్తుంది కానీ, ఆ తరగతిలో పడే పూర్ణాంకాలను 141, 142 అని వేళ్ళ మీద లెక్కపెడితే పది ఉంటాయి. ఇలా ఒకటి తేడా వచ్చే సందర్భాలు మా కార్యాలయంలో సెలవు దినాలు లెక్కపెట్టేటప్పుడు కూడా వస్తాయి. 11వ తేదీ నుంచి 20వ తేదీ వరకు సెలవు అంటే తొమ్మిది రోజులు కాదు, పది రోజులు.

పదాల విషయం వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. పౌనఃపున్యం అన్న మాటను పలకడానికే తను భయపడుతోంది. పునః పునః అంటే మళ్ళీ మళ్ళీ, ఒక విలువ ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ వచ్చిందో చెప్పేది పౌనఃపున్యం అని విడదీసి చెప్పాక, "అయితే ఫ్రీక్వెన్సీకి సరిగ్గా అదే" అంది. భౌతికశాస్త్రంలో తరంగాల దగ్గర వచ్చే పౌనఃపున్యం కూడా ఈ మాటే. సంచితం అన్నది వార్తల్లో సంచిత నష్టాలు అని వింటూనే ఉంటాము, పోగైనవి అని అర్థం.

ఇక బాహుళకం దగ్గర ఇంకో రకమైన తప్పు కనబడింది. సూత్రం ఇది:

```
Z = l + ((f1 - f0) / (2f1 - f0 - f2)) × h
```

అన్నిటికన్నా ఎక్కువ పౌనఃపున్యం 16 కాబట్టి బాహుళక తరగతి కూడా 141–150 తరగతే. f1 దాని పౌనఃపున్యం. f0 అంటే బాహుళక తరగతికి ముందున్న తరగతి పౌనఃపున్యం, f2 అంటే తరువాతి తరగతి పౌనఃపున్యం అని తెలుగు వివరణ. తను f0 దగ్గర 8, f2 దగ్గర 11 వేసింది. అంటే తక్కువ విలువల వైపు తరగతిని, ఎక్కువ విలువల వైపు తరగతిని తారుమారు చేసింది. కారణం అడిగితే నాకు ఆశ్చర్యం వేసింది కానీ, ఆ కారణంలో న్యాయం ఉంది. "ముందున్న" అంటే మన ఎదుట ఉన్నది, అంటే ఇంకా రాబోయేది అని తను అర్థం చేసుకుంది. ముందుకు నడవడం, ముందు ముందు తెలుస్తుంది అన్నప్పుడు ముందు అంటే రాబోయేదే. భోజనానికి ముందు, పరీక్షకు ముందు అన్నప్పుడు గడిచిపోయేది. ఒకే మాట రెండు దిక్కులనూ చూపిస్తుంది. ఇంగ్లీషు పేజీలోని ఆ వాక్యం కనిపించి ఉంటే సందేహం ఉండేది కాదు, అది మడతలోకి పోయింది. పుస్తకంలో "ముందున్న తరగతి" అన్న చోట "దాని కన్నా తక్కువ విలువలున్న పక్క తరగతి" అని ఒక్క మాట అదనంగా అచ్చు వేస్తే ఎంతో మేలు జరిగేది.

మరి మధ్యగతం దగ్గర అదే "ముందున్న" మాట ఉన్నా 22 ఎలా సరిగ్గా తీసుకున్నావు అని అడిగాను. "మొదట 46 వేశాను. 25లో నుంచి 46 పోదు, మైనస్ వచ్చింది. అందుకని వెనక దాన్ని వేశాను" అంది. మధ్యగతం సూత్రంలో తప్పు దిక్కుకు వెళితే రుణసంఖ్య వచ్చి మనల్ని ఆపుతుంది. బాహుళకం సూత్రంలో ఆ కాపలా లేదు. 16 అన్నిటికన్నా పెద్దది కాబట్టి దానిలో నుంచి 8 తీసినా, 11 తీసినా ధనసంఖ్యే వస్తుంది. హారంలో f0, f2 రెండూ ఒకే తీరుగా తీసివేయబడతాయి కాబట్టి తారుమారు చేసినా 32లో నుంచి 19 పోయి 13 అక్కడే ఉంటుంది. జవాబు కూడా అదే తరగతిలో పడుతుంది. అనుమానించడానికి కారణమే కనబడదు.

సరైన లెక్క ప్రకారం 16లో నుంచి 11 తీసివేస్తే 5, దాన్ని 13తో భాగించి 10తో గుణిస్తే సుమారు 3.85. 140.5కు కలిపితే బాహుళకం సుమారు 144.35 సెంటీమీటర్లు. తను తారుమారు చేసి, 141నూ 9నీ అలాగే ఉంచడం వల్ల 146.54 వచ్చింది. ఈ రెండింటిలో ఏది సరైనదో జవాబుల పేజీ చూడకుండా చెప్పడానికి ఒక మార్గం ఉంది, అది నేను తనకు పట్టిక మీదనే చూపించాను. 140.5, 150.5 హద్దుల మధ్యబిందువు 145.5. ఇరుపక్కల తరగతుల పౌనఃపున్యాలు సమానంగా ఉంటే బాహుళకం సరిగ్గా ఆ మధ్యబిందువు దగ్గరే ఉండేది, ఎందుకంటే అప్పుడు సూత్రంలోని భిన్నం సగం అవుతుంది. ఇక్కడ తక్కువ ఎత్తుల వైపు తరగతిలో 11 మొక్కలు, ఎక్కువ ఎత్తుల వైపు తరగతిలో 8 మొక్కలు ఉన్నాయి. కనుక బాహుళకం బరువు ఎక్కువున్న 11 వైపుకు, అంటే 145.5కు కిందికి ఒరగాలి. 144.35 అలాగే ఉంది. 146.54 మధ్యబిందువును దాటి, మొక్కలు తక్కువున్న వైపుకు ఒరిగింది. అది చూడగానే, "అయితే f0, f2 ఎటుపెట్టానో మర్చిపోయినా ఇలా చూసి తెలుసుకోవచ్చు" అని తనే అంది.

చివరగా మధ్యగతానికి ఓజివ్ వక్రం గీసి చూడమన్నాను. ఆరోహణ సంచిత పౌనఃపున్య వక్రంలో బిందువులను ఎగువ హద్దుల దగ్గర గుర్తించాలి. 140.5 దగ్గర 22, 150.5 దగ్గర 38. నిలువు అక్షం మీద 25 దగ్గర నుంచి అడ్డంగా వెళ్ళి వక్రాన్ని తాకిన చోటు నుంచి కిందికి దిగితే మధ్యగతం వస్తుంది. సూత్రం చేసే పని కూడా అదే. 22 నుంచి 38 వరకు పదహారు మెట్లు, వాటిలో మూడు మెట్లు ఎక్కాలి, కాబట్టి పది సెంటీమీటర్లలో పదహారింట మూడు వంతులు ముందుకు జరగాలి. అంటే ఆ తరగతిలోని 16 మొక్కలూ సమానంగా పరుచుకుని ఉన్నాయని సూత్రం అనుకుంటోంది. నిజంగా అలా ఉన్నాయో లేదో పట్టిక చెప్పదు కాబట్టి, 142.375లోని చివరి అంకెలు లెక్కవే కానీ మొక్కలవి కావు. తను మర్నాడు పంపిన గ్రాఫు కాగితం ఫొటోలో కిందికి దిగిన గీత 142కీ 143కీ మధ్య పడింది. గ్రాఫులో అంతకన్నా సూక్ష్మంగా చూడడం కష్టం.

ఆ ఫొటో పక్కనే పుస్తకం కూడా ఉంది. "దిగువ హద్దు" మీద పాత పెన్సిల్ మాట చెరిపేసి లోయర్ బౌండరీ అని రాసుకుంది. "ముందున్న" మీద చిన్న బాణం గీసి, దాన్ని తక్కువ విలువల వైపుకు తిప్పింది. దాని కింద తరువాతి లెక్క ఉంది. అందులో తరగతులు 0–10, 10–20, 20–30 అని ఉన్నాయి. "ఇక్కడ కూడా అర తీసేయాలా పెద్దమ్మా?" అని అడిగింది. ఒక తరగతి ఆగిన 10 దగ్గరే తరువాతిది మొదలవుతోంది, మధ్యలో పంచడానికి ఖాళీ లేదు, ఇక్కడ హద్దూ అవధీ ఒకటే, ఏమీ తీయవద్దు అని రాశాను.